చీములో కనబడిన క్రిమి ప్లేటు మీద ఎందుకు మొలవదు

ఏళ్ల తరబడి చెవిలోంచి చీము కారుతున్నా పట్టించుకోని మనిషికి ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, జ్వరం మొదలవుతాయి. స్కాన్ తీస్తే చెవి పైభాగాన మెదడులో చీముగడ్డ కనబడుతుంది. న్యూరోసర్జన్ పుర్రెకు చిన్న రంధ్రం చేసి, సూదితో పది పదిహేను మిల్లీలీటర్ల చిక్కటి చీము లాగుతారు. గదిలో ఉన్నవాళ్లు ముక్కు మూసుకోవలసినంత దుర్వాసన. ఆ చీము చుక్కను స్లైడు మీద పూసి, గ్రామ్ రంగులు వేసి మైక్రోస్కోపులో చూస్తే బ్యాక్టీరియా కుప్పలు తెప్పలుగా ఉంటాయి. కొన్ని గులాబీ రంగు కడ్డీలు, మధ్య మధ్య గొలుసులుగా ఊదా రంగు గోళాలు. రెండు రోజులాగితే కల్చర్ రిపోర్టు వస్తుంది. అందులో ఉండేది రెండే మాటలు: గ్రోత్ లేదు.

స్లైడు మీద అన్ని కనబడ్డాక ప్లేటు మీద ఒక్కటీ రాకపోవడానికి కారణాలు రెండున్నాయి. ముందే వాడిన యాంటీబయాటిక్ వాటిని చంపేసి ఉండవచ్చు. లేదా అవి ఆక్సిజన్ ఉన్నచోట పెరగని జాతివి కావచ్చు. వీటినే ల్యాబులో అనేరోబ్స్ అంటారు, మన పాఠ్యపుస్తకాల్లో అవాయు జీవులు అని రాస్తారు. చెవి, పళ్లు, పేగులు, ఊపిరితిత్తుల నుంచి పుట్టిన చీముగడ్డల్లో వీటి వాటా చాలా ఎక్కువ. దుర్వాసన కూడా చాలావరకు వీటి పనే. అంటే కల్చర్ చేయకముందే చీము తన సంగతి సగం చెప్పేసింది. మిగతా సగం తెలియాలంటే ఆక్సిజన్ ఎక్కడెక్కడ దాక్కుందో వెతికి అక్కడి నుంచి తీసేయాలి. అది గాలిలో ఉందని అందరికీ తెలుసు. చీము తెచ్చిన దూదిపుల్లలోనూ, ప్లేటులోని అగార్‌లోనూ, సీసాలోని ద్రవంలోనూ ఉందన్నది మాత్రం చాలామంది మరిచిపోతారు. జార్ బిగించి, గ్యాస్ ప్యాక్ వేసి, అంతా సరిగ్గా చేశామనుకున్నాక కూడా ప్లేటు ఖాళీగా రావడానికి ఎక్కువసార్లు ఈ మరుపే కారణం.

మనం లేకుండా క్షణం బతకలేని ఆక్సిజన్ వీటికి విషం ఎలా అవుతుందో ముందు చూద్దాం. కణంలోని ఎంజైములు ఒకదాని నుంచి మరోదానికి ఎలక్ట్రాన్లను అందిస్తుంటాయి. దగ్గర్లో ఆక్సిజన్ ఉంటే ఆ ఎలక్ట్రాన్లలో కొన్ని దారి తప్పి దానికి తగులుకుంటాయి. అప్పుడు సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడతాయి. ఇనుము, గంధకం కలిసిన భాగం ఉన్న ఎంజైములను ఇవి వెంటనే పాడుచేస్తాయి. అనేరోబ్స్ శక్తి సంపాదన చాలావరకు ఆ ఎంజైముల మీదే ఆధారపడి ఉంటుంది. మన కణాల్లో ఈ విషాలను విరిచే సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, క్యాటలేజ్ అనే ఎంజైములున్నాయి. అనేరోబ్స్‌లో అవి లేవు కాబట్టే చనిపోతున్నాయని 1971లో మెక్‌కార్డ్, కీల్, ఫ్రిడోవిచ్ ప్రతిపాదించారు. అందంగా ఉన్న ఆ వివరణ పూర్తిగా నిలబడలేదు. మన కథలోని ముఖ్య నిందితుడు బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్‌కు ఆ రెండు ఎంజైములూ ఉన్నాయి. అది గాలిలో పెరగలేదు గానీ, కొన్ని గంటల పాటు చావకుండా తట్టుకోగలదు.

ఆ తట్టుకునే శక్తిలో జాతికీ జాతికీ తేడా ఉంది. 1969లో లోషె అనే పరిశోధకుడు వీటిని రెండు తరగతులుగా చూపాడు. ఆక్సిజన్ అర శాతం దాటితే పెరగనివి ఒక రకం. రెండు నుంచి ఎనిమిది శాతం దాకా ఓర్చుకునేవి రెండో రకం. మామూలు గాలిలో ఆక్సిజన్ ఇరవై ఒక్క శాతం. ఆసుపత్రి చీముల్లో దొరికేవి ఎక్కువగా రెండో రకానివి. సాధారణ ఆసుపత్రి ల్యాబు ఒక జార్‌తో ఈ పని చేయగలుగుతోందంటే అందుకు కారణం అదే.

ఇక చీముతో మొదలుపెడదాం. ఆపరేషన్ థియేటర్‌లో సిరంజిలోకి లాగిన చీమును అదే సిరంజిలో ఉంచి, లోపలి గాలి బుడగను బయటికి నెట్టేసి, సూది తీసి, స్టెరైల్ మూత బిగించి వెంటనే ల్యాబుకు పంపాలి. ఎక్కువ చీము ఉంటే అదే తన లోపలి భాగాన్ని కాపాడుకుంటుంది. పది మిల్లీలీటర్ల చీము మధ్యలోకి గాలి చేరడానికి చాలాసేపు పడుతుంది. అదే చీమును దూదిపుల్ల మీద అద్దితే పలచటి పొరగా పరుచుకుంటుంది. ఆ దూది నూలు సందుల్లో అప్పటికే గాలి ఉంది. పైగా అది ఆరిపోతుంది కూడా. నేను పాఠం చెప్పేటప్పుడు కుర్ర డాక్టర్లను బతిమాలి మరీ చెప్పే మాట ఒకటుంది: చీము చేతిలో ఉండగా స్వాబ్ పంపకండి. తప్పనిసరై స్వాబే పంపాల్సి వస్తే అనేరోబ్స్ కోసం తయారుచేసిన, గాలి సోకని ట్రాన్స్‌పోర్ట్ మీడియంలో గుచ్చి పంపాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లటి ద్రవంలో ఆక్సిజన్ మరింత ఎక్కువగా కరుగుతుంది, కొన్ని జాతులు ఆ చలికే చస్తాయి. గది వేడిలోనే ఉంచి, వీలైనంత త్వరగా చేర్చాలి.

అన్ని నమూనాలనూ ఇలా కల్చర్ చేయడం కూడా తప్పే. నోటి ఉమ్మిలో, మలంలో, పంటి చిగుళ్లలో ఈ జీవులు ఎప్పుడూ కోట్ల కొద్దీ ఉంటాయి. కళ్లె తెచ్చి అనేరోబ్స్ చూడమంటే తప్పకుండా కనబడతాయి, కానీ ఆ కనబడటానికి అర్థం ఉండదు. శుభ్రమైన చర్మం గుండా సూదితో లాగిన చీము, ఆపరేషన్‌లో తీసిన కణజాలం, రక్తం వంటివే ఈ శ్రమకు తగినవి.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. ఆహారం, అంటే మీడియం. మామూలు గది వేడిలో లీటరు నీటిలో సుమారు ఎనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. చెరువులో చేప బతికేది దానితోనే. మీడియం కాచినప్పుడు ఆ ఆక్సిజన్ ఎగిరిపోతుంది, చల్లారుతూ గాలిలోంచి మళ్లీ పీల్చుకుంటుంది. ప్లేట్లలో పోసిన అగార్‌కు పైభాగం వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా పీల్చుకుంటుంది. వెలుతురులో, గాలిలో రోజుల తరబడి నిలవున్న ప్లేట్లలో పెరాక్సైడ్లు కూడా పుడతాయి. జార్‌లో పెట్టి లోపలి గాలిని శుద్ధి చేసినా, అంతకుముందే అగార్‌లో పుట్టిన పెరాక్సైడ్ అక్కడే ఉంటుంది. ప్లేటు మీద పడ్డ నాలుగు జీవులు మొదటి గంటలోనే దాని బారిన పడతాయి. జార్‌లో వాతావరణం చక్కగా ఉండి కూడా ప్లేటు ఖాళీగా వచ్చే కేసుల్లో చాలావాటికి మూలం ఇదే.

అందుకే ప్లేట్లను ముందుగా ఆక్సిజన్ లేని వాతావరణంలో ఉంచి, తర్వాతే వాడతారు. ల్యాబు భాషలో ప్రీ-రెడ్యూస్ చేయడం అంటారు. తాజాగా పోసిన ప్లేట్లను ఉత్త జార్‌లో పెట్టి, గ్యాస్ ప్యాక్ వేసి, కనీసం ఆరు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. అగార్‌లో కరిగిన ఆక్సిజన్ బయటికి వచ్చేస్తుంది. చీము వచ్చాక ఆ జార్ తెరిచి ప్లేట్లు తీసి, చీము పూసి, ఇరవై ముప్పై నిమిషాల్లోపు మరో జార్‌లోకి చేర్చాలి. రాత్రి ఒక గ్యాస్ ప్యాక్, పొద్దున మరొకటి. ఖర్చు రెట్టింపవుతుందని చాలా చోట్ల ఈ పని మానేస్తారు. నా అభిప్రాయంలో ఇక్కడ డబ్బు మిగల్చడమంటే జార్‌కు పెట్టిన డబ్బును పారేయడమే.

ద్రవ మీడియంలో దారి వేరు. అక్కడ ఆక్సిజన్‌ను పీల్చుకునే పదార్థాన్నే కలుపుతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు గ్యాస్ గ్యాంగ్రీన్ వస్తున్న రోజుల్లో మ్యూరియల్ రాబర్ట్‌సన్ పేరు మీద స్థిరపడిన కుక్డ్ మీట్ మీడియం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎద్దు గుండెను కైమా కొట్టి, ఉడికించి, సీసా అడుగున మాంసం, పైన సూప్ ఉండేలా పోస్తారు. మాంసంలోని గంధకపు సమూహాలు, కొవ్వు ఆమ్లాలు కలిసి ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. వాడబోయే ముందు సీసాను మరిగే నీటిలో పది నిమిషాలు ఉంచి, కదపకుండా చల్లార్చి, చీమును అడుగున మాంసం మధ్యకు పిప్పెట్‌తో దించుతారు. కొన్ని ల్యాబుల్లో ఆవకాయ మీద నూనె తేలినట్టు పైన స్టెరైల్ పారఫిన్ పొర కూడా పోస్తారు.

థయోగ్లైకొలేట్ బ్రాత్ దీని కంటే సులువు, ఎందుకంటే అందులో ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది. సోడియం థయోగ్లైకొలేట్, సిస్టీన్ ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. లీటరుకు ముప్పావు గ్రాము మాత్రమే కలిపిన అగార్ ద్రవాన్ని కొంచెం చిక్కగా ఉంచి, పైనున్న గాలి కిందికి కలవకుండా అడ్డుకుంటుంది. రెసజురిన్ అనే రంగు ఆక్సిజన్ ఉన్నచోట గులాబీగా, లేనిచోట రంగు లేకుండా ఉంటుంది. మంచి ట్యూబులో పైన వేలు మందం గులాబీ పట్టీ, కింద లేత గడ్డి రంగు ఉంటాయి. గులాబీ మూడో వంతు దాటి కిందికి దిగితే ఆ ట్యూబు పనికిరాదు. ఒక్కసారి మాత్రం మరిగించి మళ్లీ వాడుకోవచ్చు. రెండోసారి మరిగిస్తే విషపూరితం అవుతుంది.

ఇంతకంటే కఠినమైన పద్ధతి రాబర్ట్ హంగేట్‌ది. అమెరికాలో పశువుల మొదటి పొట్ట, అంటే రూమెన్‌లో గడ్డిని జీర్ణం చేసే బ్యాక్టీరియాను పెంచాలని ఆయన పట్టుబట్టాడు. అవి ప్లేటు మీద గాలి తగిలిన మరుక్షణమే చచ్చిపోయేవి. 1950లో ఆయన ప్రచురించిన పద్ధతిలో మీడియం ఎప్పుడూ గాలిని చూడదు. ఫ్లాస్కులో మరుగుతున్నప్పుడే పైన ఆక్సిజన్ తీసేసిన కార్బన్ డయాక్సైడ్ ప్రవహిస్తుంటుంది. సిలిండర్ గ్యాస్‌లో మిగిలే కొద్ది ఆక్సిజన్‌ను కూడా వేడి చేసిన రాగి గుండా పంపి తీసేస్తారు. అదే గ్యాస్ కింద ట్యూబులో పోసి, రబ్బరు బిరడా బిగించి, బిరడా ఊడకుండా పట్టి ఆటోక్లేవ్‌లో పెడతారు. కరిగిన అగార్‌లో జీవులను కలిపి ట్యూబును పక్కకు పడుకోబెట్టి దొర్లిస్తే, గాజు లోపలి గోడ అంతా పలచటి అగార్ పొర ఏర్పడి కాలనీలు దాని మీదే పెరుగుతాయి. 1970ల నాటికి అమెరికాలోని వర్జీనియా పాలిటెక్నిక్‌లో హోల్డ్‌మన్, మూర్ బృందం ఇదే సూత్రంతో ఆసుపత్రి ల్యాబులకు పనికొచ్చే మీడియం తయారుచేసింది. ముందే ఆక్సిజన్ తీసేసి, గాలి చొరకుండా మూసి, స్టెరైల్ చేసినవి కాబట్టి అవి నెలల తరబడి నిలవ ఉంటాయి.

ఇక జార్. 1916లో జేమ్స్ మెకింతోష్, పాల్ ఫిల్డ్స్ ఇంగ్లండులో రూపొందించిన జార్‌లో ఒక తెలివైన ఆలోచన ఉంది: గాలిని పూర్తిగా తోడేయడం కష్టం కాబట్టి, మిగిలిన ఆక్సిజన్‌ను హైడ్రోజన్‌తో కలిపి నీరుగా మార్చేయాలి. దానికి పల్లేడియం లోహం ఉత్ప్రేరకం. తొలి జార్లలో దాన్ని వేడి చేయాల్సి వచ్చేది. హైడ్రోజన్, గాలి కలిసినచోట వేడి అంటే పేలుడు ప్రమాదం. తర్వాత గది వేడిలోనే పనిచేసే ఉత్ప్రేరకాలు వచ్చాయి. 1966లో బ్రూవర్, ఆల్గైయర్ అనే ఇద్దరు సిలిండర్ అవసరమే లేకుండా చేశారు. ఒక చిన్న రేకు ప్యాకెట్‌లో సోడియం బోరోహైడ్రైడ్, సోడియం బైకార్బనేట్, సిట్రిక్ ఆసిడ్. మూల కత్తిరించి పది మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే మొదటిదాని నుంచి హైడ్రోజన్, మిగతా రెండింటి నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గ్యాస్ ప్యాక్ అన్న పేరు అలా వాడుకలోకి వచ్చింది. కార్బన్ డయాక్సైడ్ ఉత్తినే కలిపింది కాదు. బ్యాక్టీరాయిడ్స్ వంటివి అది లేనిదే సరిగా పెరగవు.

ఒక్కసారి లెక్క వేసి చూస్తే జార్‌లో ఏం జరుగుతోందో తేటగా తెలుస్తుంది. జార్ రెండున్నర లీటర్లది అనుకుందాం. లోపలి గాలిలో సుమారు 525 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. ఒక వంతు ఆక్సిజన్‌కు రెండు వంతుల హైడ్రోజన్ కావాలి కాబట్టి కనీసం 1050 మిల్లీలీటర్లు. దానికి సోడియం బోరోహైడ్రైడ్ దాదాపు 0.4 గ్రాము చాలు. తయారీదారులు ఇంకాస్త ఎక్కువే పెడతారు. ఈ కలయికలో పుట్టే నీరు గ్రాములో మూడు వంతుల పైచిలుకు. జార్ గోడల మీద పొగమంచు పట్టినట్టు కనబడే తడికి ఇదొక కారణం. కలయికలో వేడి కూడా పుడుతుంది, ఉత్ప్రేరకం ఉండే మూత మధ్యభాగం చేతికి వెచ్చగా తగులుతుంది. ఉత్ప్రేరకాన్ని సన్నటి లోహపు జల్లెడ డబ్బీలో ఉంచడానికి కారణం, లోపల నిప్పురవ్వ పుట్టినా మంట బయటి గ్యాసుకు అంటుకోకుండా ఆపడం. పని జరుగుతుండగా మూత తెరవకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఉత్ప్రేరకానికి శత్రువులు రెండు. ఒకటి తడి. ప్రతిసారీ వాడాక గుళికల డబ్బీని తీసి, హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల వద్ద రెండు గంటలు ఆరబెట్టాలి. అందుకని జార్‌కు రెండు డబ్బీలైనా ఉండాలి, ఒకటి పనిలో, ఒకటి ఓవెన్‌లో. రెండోది గంధకం. చీములోని బ్యాక్టీరియా విడుదల చేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పల్లేడియం మీద అంటుకుంటే దాన్ని వేడితో కూడా పూర్తిగా వదిలించలేం. అలాంటి గుళికలు మార్చాల్సిందే.

ఈ బాధలన్నిటినీ తప్పించే కొత్త రకం ప్యాకెట్లు ఇప్పుడు మన ల్యాబుల్లో ఎక్కువగా దొరుకుతున్నాయి. వాటిలో ఉండేది ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి. అది గాలి తగలగానే ఆక్సిజన్‌ను పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. నీళ్లు అక్కర్లేదు, ఉత్ప్రేరకం అక్కర్లేదు, హైడ్రోజన్ పుట్టదు. అరగంటలో జార్‌లో ఆక్సిజన్ ఒక శాతం కంటే కిందికి పడిపోతుంది. ఒకే ఒక్క నియమం: పైకవరు చింపిన నిమిషంలోపు జార్‌లో పెట్టి బిగించాలి. చింపి బల్ల మీద పెట్టి ఫోన్ మాట్లాడి వస్తే ప్యాకెట్ సత్తువ గదిలోని ఆక్సిజన్‌ను పీల్చడానికే ఖర్చైపోతుంది. ప్యాకెట్ బాగా వేడెక్కడం సహజం, దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

చాలామంది విద్యార్థులు పరీక్షల్లో రాసే ఒక పొరపాటును కూడా ఇక్కడ సరిచేయాలి. కొవ్వొత్తి జార్ అనేరోబిక్ జార్ కాదు. మూసిన జార్‌లో కొవ్వొత్తి ఆరిపోయేసరికి ఇంకా పదహారు, పదిహేడు శాతం ఆక్సిజన్ మిగిలే ఉంటుంది. అది కార్బన్ డయాక్సైడ్‌ను కొద్దిగా పెంచడానికి పనికొస్తుంది, అంతే.

మన చీము దగ్గరికి వద్దాం. ముందురోజే సిద్ధం చేసిన ప్లేట్లు నాలుగు తీశాం. మొదటిది హెమిన్, విటమిన్ కె కలిపిన బ్లడ్ అగార్. నోటిలోని కొన్ని జాతులు ఈ రెండూ లేనిదే పెరగవు. రెండోది కనమైసిన్, వాంకోమైసిన్ కలిపినది. వేగంగా పెరిగే మామూలు బ్యాక్టీరియా ప్లేటంతా ఆక్రమించకుండా ఇది ఆపుతుంది. మూడోది పిత్తం, ఎస్కులిన్, జెంటామైసిన్ ఉన్న అగార్. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ వర్గం పిత్తాన్ని లెక్కచేయదు, ఎస్కులిన్‌ను విరగ్గొట్టి నల్లబడేలా చేస్తుంది. నాలుగోది గాలిలోనే ఉంచే మామూలు బ్లడ్ అగార్, పోల్చి చూడటానికి. మొదటి ప్లేటు మీద చీము పూసిన చోట 5 మైక్రోగ్రాముల మెట్రోనిడజోల్ బిళ్ల ఒకటి పెట్టాం. మిగిలిన చీమును కుక్డ్ మీట్ సీసా అడుగుకు దించాం. మూడు ప్లేట్లు జార్‌లోకి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లోకి.

ఇరవై నాలుగు గంటలకే తెరిచి చూడాలనిపిస్తుంది. ఆగాలి. ఈ జీవులు మెల్లగా పెరుగుతాయి, విభజన జోరుగా సాగుతున్న దశలోనే ఆక్సిజన్‌కు అతి సుకుమారంగా ఉంటాయి. మొదటి చూపు నలభై ఎనిమిది గంటలకు. కొన్ని జాతులకు ఐదు నుంచి ఏడు రోజులు పడతాయి కాబట్టి, చూశాక ప్లేట్లను మళ్లీ జార్‌లోకి పంపాలి.

తెరిచేసరికి బ్లడ్ అగార్ మీద రెండు మిల్లీమీటర్ల బూడిద రంగు, నిగనిగలాడే గుండ్రటి కాలనీలు, వాటి మధ్య చిన్న చిన్న తెల్లటి చుక్కలు ఉన్నాయి. మెట్రోనిడజోల్ బిళ్ల చుట్టూ వెడల్పైన ఖాళీ వలయం. ఆక్సిజన్ లేని పరిస్థితిలోనే ఈ మందు కణంలో చురుకవుతుంది కాబట్టి, ఆ వలయం కనబడితే లోపల అనేరోబ్ ఉందనడానికి మొదటి సూచన. పిత్తం ప్లేటు మీద కాలనీల చుట్టూ నల్లటి మచ్చలు. గాలిలో ఉంచిన ప్లేటు ఖాళీ. ఈ రోగికి ముందు వెళ్లిన చోట సెఫ్ట్రయాక్సోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, గాలిలో పెరిగే జీవులు దానికి లొంగిపోయాయి. బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ మాత్రం ఆ జాతి మందులను విరిచే ఎంజైమును తయారుచేసుకుంటుంది.

ఇంకా పేరు రాయకూడదు. జార్‌లో పెరిగిందంటే అది అనేరోబే అని కాదు, మన పేగుల్లోని ఈ.కోలై కూడా జార్‌లో హాయిగా పెరుగుతుంది. ఒక్కో రకం కాలనీని విడిగా తీసుకుని రెండు ప్లేట్ల మీద పూసి, ఒకటి గాలిలో, ఒకటి జార్‌లో పెట్టాలి. జార్‌లో మాత్రమే పెరిగితేనే అది అనేరోబ్. ఈ పరీక్షకు మరో రెండు రోజులు పడుతుంది. దాని తర్వాత బూడిద రంగు కాలనీ మీద వాంకోమైసిన్, కనమైసిన్, కొలిస్టిన్ బిళ్లలు పెడితే మూడింటికీ లొంగలేదు. పిత్తం ప్లేటులోని నలుపుతో కలిపి చూస్తే అది బ్యాక్టీరాయిడ్స్ ఫ్రాజిలిస్ వర్గానిదే. తెల్లటి చుక్కలు పెప్టోస్ట్రెప్టోకాకస్, అంటే స్లైడు మీద చూసిన ఊదా గోళాలు.

ప్లేటు ఖాళీగా వచ్చి ఉంటే? అప్పుడే అసలు విచారణ మొదలవుతుంది. జార్ మూసేటప్పుడు లోపల ముగ్గురు సాక్షులను పెట్టి ఉండాలి. మొదటిది మెథిలీన్ బ్లూ: గ్లూకోజు, కొద్దిగా క్షారం కలిపిన నీలి ద్రవాన్ని చిన్న ట్యూబులో మరిగించి, రంగు పోయాక జార్‌లో పెడతారు. ఆక్సిజన్ ఉన్నంతసేపు అది నీలంగానే ఉంటుంది, పోయాక రంగు కోల్పోతుంది. రెండోది సిట్రేట్ అగార్ మీద పూసిన సూడోమోనాస్ ఎరుజినోసా. గాలి ఉంటే అది పెరిగి ఆకుపచ్చ అగార్‌ను నీలంగా మారుస్తుంది, లేకపోతే అగార్ ఆకుపచ్చగానే ఉంటుంది. మూడోది తప్పక పెరగాల్సిన ఒక అనేరోబ్, ఉదాహరణకు ల్యాబులో దాచిపెట్టుకున్న క్లాస్ట్రిడియం జాతి.

పాత పద్ధతి ప్యాక్ అయితే మొదటి అరగంటలో గోడలకు తడి పట్టకపోయినా, మూత వెచ్చబడకపోయినా ఉత్ప్రేరకం చచ్చిందని అర్థం. జార్ మూసేసి రేపు చూద్దామనుకోకుండా అప్పుడే డబ్బీ మార్చాలి. తడి పట్టి, సాయంత్రానికి మెథిలీన్ బ్లూ తెల్లబడి, మర్నాటి ఉదయానికి మళ్లీ నీలమైతే, గాలి ఎక్కడో లోపలికి కారుతోంది. ఆ లోపం ఎక్కువగా మూత కింది రబ్బరు వలయంలో ఉంటుంది. దాని మీద ఒక వెంట్రుక, ఒక అగార్ తునక ఉన్నా చాలు. ఇక మూడోది అన్నింటికంటే మోసకరమైనది. మెథిలీన్ బ్లూ తెల్లగా ఉంది, సూడోమోనాస్ పెరగలేదు, అంటే గాలి శుభ్రం. కానీ పెరగాల్సిన క్లాస్ట్రిడియం కూడా పెరగలేదు. అప్పుడు తప్పు జార్‌లో లేదు, ప్లేటులో ఉంది: పాతబడిన అగార్, ముందుగా జార్‌లో ఉంచకపోవడం, లేదా పూశాక బల్ల మీద గంటసేపు వదిలేయడం. ఎన్నో ల్యాబులు మొదటి సాక్షిని మాత్రమే పెట్టుకుంటాయి. మెథిలీన్ బ్లూ చెప్పేది జార్‌లోని గాలి సంగతే, అగార్ లోపలి సంగతి దానికి తెలియదు. ముగ్గురు సాక్షులూ సరిగ్గా పలికిన జార్‌లోంచి వచ్చిన ఖాళీ ప్లేటునే నమ్మి రిపోర్టు రాయవచ్చు.

జార్ చేయలేని పనులు కూడా ఉన్నాయి. తెరిచిన ప్రతిసారీ అన్ని ప్లేట్లకూ ఒకేసారి గాలి తగులుతుంది. అందుకే పని ఎక్కువ ఉన్న ల్యాబులు గ్లోవ్స్ బిగించిన ఛాంబర్‌కు మారుతున్నాయి. అందులో నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం నిండి ఉంటుంది. చీము పూయడం, కాలనీలు చూడడం అంతా లోపలే జరుగుతుంది. ఇక గేదె రూమెన్‌లో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకైతే జార్ ససేమిరా చాలదు. వాటి మీడియం ఆక్సిజన్ నుంచి ఎంత దూరంగా ఉండాలో వోల్టుల్లో కొలుస్తారు. మైనస్ 330 మిల్లీవోల్టుల కంటే కిందికి దిగితేనే అవి పెరుగుతాయి. రెసజురిన్ గులాబీ పోయి రంగు లేకుండా అయ్యే బిందువు దీనికి చాలా పైనే ఉంటుంది. ఆ జీవులకు ఈనాటికీ హంగేట్ ట్యూబే గతి. సిస్టీన్‌తో పాటు సల్ఫైడ్ కూడా కలిపి, బిరడా ఎన్నడూ తీయకుండా, లోపలికి పంపాల్సిందంతా సిరంజితో రబ్బరు గుండా పంపుతారు. ఆ సిరంజిని కూడా చీము తెచ్చే సిరంజిలాగే ముందు ఆక్సిజన్ లేని గ్యాసుతో రెండు మూడుసార్లు కడిగి, లోపలి గాలిని నెట్టేసి వాడతారు.